తోలా, రెక్సినా? కోసిన అంచు చూస్తే తెలుస్తుంది

ఆన్‌లైన్‌లో మగవాళ్ల బెల్టు కోసం వెతికితే ‘జెన్యూన్ లెదర్’ అన్న మాట లేని సరుకు కనబడటమే కష్టం. మూడు వందల బెల్టుకూ అదే మాట, మూడు వేల బెల్టుకూ అదే మాట. పట్టుకుని చూసే వీలు లేదు, వాసన చూసే వీలు లేదు. మనకు దొరికేవి ఫొటోలే. అయితే ఆ ఫొటో సరైన చోట, తగినంత దగ్గర నుంచి తీసిందైతే చేత్తో పట్టుకున్నదానికంటే ఎక్కువే చెబుతుంది. ఎందుకంటే పట్టుకుంటే మెత్తగా తగిలేలా చేయడం నకిలీ తయారుచేసేవాళ్లకు పెద్ద పని కాదు. తోలు వాసన కూడా పైన చల్లేయొచ్చు. అగ్గిపుల్ల గీసి కాల్చి చూడమని పెద్దలు చెప్పే పరీక్ష నిజమైనదే కానీ, కాల్చిన బెల్టును ఎవరూ వెనక్కి తీసుకోరు. కోసిన అంచులో పీచు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉండే తీరును మాత్రం ఇంతవరకూ ఏ పూతా చవగ్గా పుట్టించలేకపోయింది.

ఆ తీరు ఎలా ఉంటుందో తెలియాలంటే ముందు చర్మం సంగతి కొంచెం తెలియాలి. పచ్చి తోలును సున్నంలో నానబెట్టినప్పుడు వెంట్రుకలూ, వాటితో పాటు చర్మం మీది అతి పల్చటి పొరా ఊడిపోతాయి. మిగిలేదంతా కొల్లాజెన్ అనే మాంసకృత్తుల పీచు. వెంట్రుకల వైపున ఈ పీచు చాలా సన్నగా, ఒత్తుగా, దగ్గర దగ్గరగా ఉంటుంది. వ్యాపారంలో గ్రెయిన్ అనేది ఈ పై భాగాన్నే. లోపలికి పోయేకొద్దీ పీచు కట్టలు లావవుతాయి, ఏటవాలుగా ఒకదాని మీదుగా ఒకటి పోతాయి, మాంసం వైపు చేరేసరికి వదులవుతాయి. కొబ్బరికాయ డొప్పను అడ్డంగా నరికినప్పుడు పైన నున్నటి తొక్క ఎక్కడ అయిపోయి పీచు ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించలేనట్టే, ఇక్కడా ఆ సన్న పీచు ఎక్కడ ముగిసిందో, లావు పీచు ఎక్కడ మొదలైందో చెప్పలేం. పై నుంచి కిందిదాకా అంతా ఒకే వస్తువు. అసలు తోలును పట్టించే గుర్తు ఇదే.

నకిలీ తోలు పుట్టుకే వేరు. ముందు గుడ్డ ఉంటుంది, దాని మీద ప్లాస్టిక్ పూత పడుతుంది. మనం ఆటో సీట్లకూ స్కూటర్ సీట్లకూ వాడే రెక్సిన్‌లో ఆ పూత ఎక్కువగా పీవీసీ. బ్యాగులకూ చెప్పులకూ బెల్టులకూ ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది పాలీయూరిథేన్, అంటే అందరూ పీయూ అనేది. తోలు గీతలు అచ్చువేసిన పొడవాటి కాగితం మీద ఈ పీయూను పల్చగా పోస్తారు, ఆరనిస్తారు, గుడ్డకు అతికిస్తారు, తర్వాత కాగితాన్ని ఒలిచేస్తారు. కాగితం మీదున్న ముడతలూ గుంటలూ పూత మీదికి దిగుతాయి. పైనుంచి చూస్తే తోలు, అడ్డంగా చూస్తే గుడ్డ మీద ప్లాస్టిక్.

ఎక్కడ చూడాలి?

బెల్టు పక్క అంచులు చూస్తే చాలు కదా అనిపిస్తుంది. అక్కడే చాలామంది మోసపోతారు. మంచి బెల్టులకైనా నాసి బెల్టులకైనా పక్క అంచులకు రంగు వేస్తారు, లేదా అంచును లోపలికి మడిచి కుడతారు. రంగు కింద ఏముందో ఫొటోలో కనబడదు. రంగు వేయడం మరిచిపోయే చోట్లు వేరే ఉన్నాయి. మొదటిది బకిల్ నాలుక దూరడానికి పెట్టిన పొడుగు చీలిక. బెల్టు బకిల్ దగ్గర మడత తిరుగుతుంది కాబట్టి ఆ చీలిక గోడలు ఎవరికీ కనిపించవని వాటిని పచ్చిగానే వదిలేస్తారు. రెండోది గుచ్చే బెజ్జాలు. బెజ్జం చిన్నది కాబట్టి బెల్టును అక్కడ బయటికి వంచితే నోరు తెరుచుకుని లోపలి గోడ కనిపిస్తుంది. మూడోది అన్నిటికంటే మంచిది. కొన్ని బెల్టులకు బకిల్ పళ్లతో కరుచుకుని ఉంటుంది, నడుము కొలతకు తగ్గట్టు కొసను మనమే కత్తిరించుకోవచ్చు. కత్తిరించాక మిగిలిన ముక్కే మన నమూనా.

ఆ ముక్కను కత్తెరతో కత్తిరించి వెంటనే ఫొటో తీస్తే పని కాదు. కత్తెర పీచును నలిపి, పై పూతను కిందికి లాగి అంచంతా మసక చేసేస్తుంది. కొత్త గడ్డం బ్లేడుతో, చెక్క మీద పెట్టి, నిలువుగా ఒక్క గీతలో కోయాలి. అప్పుడు పొరలు పొరలుగానూ పీచు పీచుగానూ బయటపడతాయి.

అసలు తోలు అంచు దగ్గరి ఫొటోలో పైన సన్నటి రంగు గీత ఉంటుంది. అది పాలిష్, రంగు పూత. దాని కిందే బిగువైన భాగం, ఆపైన క్రమంగా బరకబారే పీచు. పీచు కొసలు ఒకే దిక్కుకు ఉండవు, ఒకే మందంలోనూ ఉండవు. రంగు కూడా సంగతి చెబుతుంది. తంగేడు చెక్క లాంటి చెట్టు బెరళ్లతో ఊనిన తోలైతే అంచు లోపలంతా గోధుమ రంగులో ఉంటుంది. క్రోమ్ ఉప్పుతో ఊనిన తోలైతే, రంగు లోపలిదాకా దిగని చోట నడిమి భాగం లేత నీలం, బూడిద రంగుల మధ్య కనిపిస్తుంది. ఆ నీలం చూసి నకిలీ అనుకోకూడదు. ప్రపంచంలో ఎక్కువ తోలు ఊనేది క్రోమ్‌తోనే.

పీయూ, రెక్సిన్ అంచుల్లో కనిపించేది వేరు. పైన గాజులా నిగనిగలాడే పొర, దాని కింద కత్తితో గీసినట్టు సరిహద్దు. చాలావాటిలో ఆ పొర కింద నురుగు ఉంటుంది, గుండ్రటి, పొడుగాటి చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయి. తోలులో బుడగలకు చోటే లేదు, కాబట్టి బుడగ కనబడిందంటే ఇక వాదించనక్కర్లేదు. దాని కింద గుడ్డ. నేత గుడ్డయితే పడుగు దారాలు తెగిన చోట వరసగా చుక్కలు, వాటి మధ్య పేక దారం అలలా పోతూ ఉంటుంది. అల్లిక గుడ్డయితే ఉచ్చులు ఉంటాయి.

ఈ రెండిటికీ మధ్య రెండు రకాలున్నాయి. కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది వీటి దగ్గరే. మందమైన చర్మాన్ని యంత్రంతో పొరలుగా చీల్చినప్పుడు గ్రెయిన్ ఉన్న పై పొర మంచి ధర పలుకుతుంది. కింది పొరకు గ్రెయిన్ ఉండదు కాబట్టి దాని మీద ప్లాస్టిక్ పూత వేసి అచ్చు కొడతారు. దీన్ని స్ప్లిట్ అంటారు. దీని అంచులో పీచు నిజమైనదే, కానీ పై నుంచి కిందిదాకా అంతా బరకే. ఒత్తుగా ఉండే పై భాగం కనబడదు, దాని బదులు మందపాటి పూత ఉంటుంది. రెండో రకం బాండెడ్ లెదర్. తోలు కార్ఖానాల్లో మిగిలిన తునకలనూ పొట్టునూ నూరి, జిగురుతో కలిపి అట్టలా ఒత్తుతారు. అందులో పీచు పొట్టిది, అంతటా ఒకే ఒత్తు, కట్టలుగా అల్లుకుని ఉండదు. అక్కడక్కడా వేరే రంగు తునకలు చుక్కల్లా కనిపిస్తాయి.

పూత ఎంత మందం దాటితే తోలు అనకూడదో దానికీ లెక్క ఉంది. ఐరోపాలోనూ అంతర్జాతీయ ప్రమాణాల్లోనూ పై పూత 0.15 మిల్లీమీటరు దాటకుండా ఉంటేనే దాన్ని ఊరికే తోలు అనొచ్చు. మామూలు ప్రింటింగ్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు కాబట్టి అది ఒకటిన్నర కాగితం మందం. అంతకు మించి, మొత్తం మందంలో మూడో వంతు దాటనిదైతే పూత వేసిన తోలు అని చెప్పాలి. ఐరోపాలో అమ్మే బూట్ల లేబుల్ మీద తోలుకు చర్మం ఆకారం బొమ్మ వేస్తారు, పూత వేసిన తోలైతే ఆ బొమ్మ లోపల డైమండ్ గుర్తు కూడా ఉంటుంది. అక్కడున్న మనవాళ్లు బూటు నాలుక కింద వెతికితే ఈ బొమ్మ కనబడుతుంది.

ఒక బెల్టు కథ

వరసకు తమ్ముడయ్యే ఒకతను ఆన్‌లైన్‌లో బెల్టు తెప్పించుకున్నాడు. గోధుమ రంగు, పళ్ల బకిల్, లేబుల్ మీద జెన్యూన్ లెదర్. కొస కత్తిరించాక మిగిలిన ముక్క దగ్గరుంది. “అన్నా, వెనక చూడు, ఎంత పీచుందో. తోలేగా?” అని వెనక వైపు ఫొటో పంపాడు. చూస్తే నిజంగానే తోలు పీచే. సూదితో ఒకచోట లాగమన్నాను. లాగాడు. కుచ్చులా చిక్కుపడి వచ్చింది, దారంలా ఊడి రాలేదు. అంత మాత్రాన తొందరపడి ఔననడానికి లేదు కాబట్టి, ముక్కను బ్లేడుతో కోసి, ఉక్కు స్కేలును కోసిన అంచుకు సమానంగా ఆనించి, ఫోనుకు క్లిప్పు లెన్సు తగిలించి మళ్లీ ఫొటో తీయమన్నాను.

ఆ ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే స్కేలు మీద ఒక మిల్లీమీటరుకు 300 పిక్సెళ్లు వచ్చాయి. బెల్టు మొత్తం మందం సుమారు 1,026 పిక్సెళ్లు, అంటే దాదాపు 3.4 మిల్లీమీటర్లు. అందులో పైన నిగనిగలాడే గోధుమ పొర 66 పిక్సెళ్లుంది. 66ను 300తో భాగిస్తే 0.22 మిల్లీమీటరు. ఒకటిన్నర కాగితం గీత దాటేసింది. దాని కింద 660 పిక్సెళ్ల మేర, అంటే 2.2 మిల్లీమీటర్లు, బూడిద గోధుమ రంగు ముద్ద. అందులో కట్టలు లేవు, పై నుంచి కిందికి తేడా లేదు, మధ్యమధ్యన నీలి చుక్కలు. తోలు పొట్టును ఒత్తి చేసిన బాండెడ్ అట్ట అది. దాని కింద జిగురు గీత, ఆ గీత కింద ఒక్క మిల్లీమీటరు మందాన బరక పీచు. అతను వెనక నుంచి చూసి మురిసిన అసలు తోలు ఆ ఒక్క మిల్లీమీటరే. అది కూడా స్ప్లిట్ పొర.

అంటే ఆ బెల్టుకు వెనక తోలు, నడుమ పొట్టు, ముందు ప్లాస్టిక్. రోజూ వంగేదీ, బకిల్ గీరుకునేదీ, అరిగేదీ ముందు వైపే. ఇలాంటి బెల్టు బెజ్జాల దగ్గర మొదట పూత చిట్లుతుంది, తర్వాత నడిమి ముద్ద విరిగి బెజ్జం సాగిపోతుంది. “మరి వెనక వైపు తోలెందుకు పెట్టారు?” అని అడిగాడు తమ్ముడు. కొనేవాళ్లు తిప్పి చూసేది వెనక వైపే కాబట్టి. ఇందులో ఇంకో రహస్యమేమీ లేదు.

అందుకే వెనక వైపు ఫొటో ఒక్కటే చూసి తీర్పు చెప్పడం నాకిష్టం లేదు. వెనక గుడ్డ నేత కనిపిస్తే నకిలీ అని తేల్చేయొచ్చు, ఆ దిక్కున అది గట్టి సాక్ష్యమే. పీచు కనిపిస్తే మాత్రం పని సగమే అయింది. స్ప్లిట్ పొర అతికించి ఉండొచ్చు, జిగురు మీద పీచు పొడి చల్లి ఉండొచ్చు, మైక్రోఫైబర్ అయినా కావచ్చు.

పైభాగం మాటేమిటి?

అమ్మకం పేజీల్లో ఎక్కువగా ఉండేవి పైభాగం ఫొటోలే. వాటితో చెప్పగలిగింది కొంత ఉంది, అంతకంటే ఎక్కువ చెప్పామంటే పొరబాటే. రంగు పల్చగా వేసిన మంచి తోలు మీద వెంట్రుకలు మొలిచిన గుంటలు కనిపిస్తాయి. ఆవు తోలులో అవి సన్నగా, దాదాపు సమంగా పరుచుకుని ఉంటాయి. గేదె తోలులో పెద్దవిగా, దూరదూరంగా ఉంటాయి. మేక తోలులో పెద్ద గుంటలు చిన్న చిన్న వరసలు కట్టి, వాటి పక్కన చిన్న గుంటలతో ఉంటాయి. పంది తోలులో మూడేసి గుంటల గుంపులు. వెంట్రుక చర్మంలో ఏటవాలుగా నాటుకుని ఉంటుంది కనుక, పక్క నుంచి వెలుగు పడితే గుంటకు ఒక వైపే నీడ లోతుగా కనిపిస్తుంది. అచ్చు గుంట అలా కాదు, పళ్లెంలా ఉంటుంది, దాని అడుగు కూడా చుట్టుపక్కల లాగే మెరుస్తుంది.

గుంటలు లేవు కాబట్టి నకిలీ అనేయడం మాత్రం తప్పు. మచ్చలూ గీతలూ ఉన్న అసలు తోలును ఉప్పుకాగితంతో రుద్ది, దట్టంగా రంగు వేసి, వేడి పలకతో అచ్చు కొడతారు. అలాంటి తోలు మీద సహజమైన గుంటలు మిగలకపోవచ్చు. అదే బొమ్మ మళ్లీ మళ్లీ రావడం కూడా ఒంటరిగా రుజువు కాదు, ఎందుకంటే పలకతో కొట్టిన అసలు తోలు మీద కూడా అచ్చు తిరిగి వస్తుంది. అయితే బ్యాగు ముందు పలకలోనూ పక్క పలకలోనూ అదే ముడత, అదే గుంటల పొందిక, అదే తీరున ఉంటే అది అచ్చు పని అని తెలుస్తుంది, అప్పుడు అంచు చూడక తప్పదు. అచ్చులేని తోలులో వెన్ను భాగం బిగువుగా, పొట్ట భాగం వదులుగా ఉంటుంది కాబట్టి రెండు పలకలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు.

పాత వస్తువైతే పని ఇంకా తేలిక. పగిలిన చోటును దగ్గరగా ఫొటో తీయండి. తోలు పగిలితే పగులు నోట్లో పీచు మొలుచుకొస్తుంది. పీయూ ఊడితే పెచ్చులుగా లేచి కింద గుడ్డ నేత బయటపడుతుంది. గాలిలోని తేమ కొన్ని రకాల పీయూను లోలోపలే విరగ్గొడుతుంది. అందుకే విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో బీరువాలో దాచిపెట్టి ఒక్కసారీ వాడని బ్యాగు కూడా పెచ్చులు రాలుస్తుంది.

ఫొటో తీసే పద్ధతి

ఖరీదైన కెమెరా అవసరం లేదు. ఈమధ్య వచ్చే చాలా ఫోన్లలో మాక్రో ఉంటుంది, లేకపోతే క్లిప్పు లెన్సు చాలు. డిజిటల్ జూమ్ వద్దు, అది లేని వివరాన్ని ఊహించి పూస్తుంది. బ్యూటీ, ఫిల్టర్ లాంటివన్నీ తీసేయండి. ఫోనును ఏదో ఒకదానికి ఆనించి, తాకి ఫోకస్ చేసి, టైమర్ పెట్టండి. వెలుగు సంగతి అన్నిటికంటే ముఖ్యం. ఫోను ఫ్లాష్ ఎదురుగా కొడితే గుంటలన్నీ చదునైపోయి తోలూ ప్లాస్టికూ ఒకటే అవుతాయి. గది చీకటి చేసి, ఇంకో ఫోను టార్చిని బెల్టుకు పక్కగా, దాదాపు బల్లకు ఆనించినంత కిందుగా పట్టండి. అప్పుడు గుంటల నీడలు లేస్తాయి. అంచుకు మాత్రం కిటికీ వెలుగు మేలు, నీడ తక్కువ ఉండాలి, స్కేలు అంచుతో సమానంగా ఉండాలి. స్కేలు ముందుకో వెనక్కో జరిగితే కొలత తప్పుతుంది. ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోయి పీచు జావవుతుంది. డాక్యుమెంటుగా పంపండి.

ఇంత చేసినా ఫొటోకు లొంగనిది ఒకటుంది, మైక్రోఫైబర్. చాలా సన్నటి నైలాన్, పాలిస్టర్ పీచును నేయకుండా చిక్కుపరిచి, పీయూతో తడిపి తయారుచేస్తారు. వెనక చూస్తే స్వెడ్ తోలులా ఉంటుంది, అంచులో కూడా నేత కనబడదు. ఒకే ఒక్క తేడా ఏమిటంటే దాని పీచు పై నుంచి కిందిదాకా ఒకే సన్నదనంలో ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ బరకబారదు. ఫోను ఫొటోలో అది ఒక్కోసారి తెలుస్తుంది, ఒక్కోసారి తెలియదు. తెలియనప్పుడు తెలియదనే చెప్పాలి. అలాంటప్పుడు సూక్ష్మదర్శినితో తోలును గుర్తించడానికి ఐఎస్ఓ 17131 అనే ప్రమాణం ఉంది. అలాంటి పరిశీలన చేయగల సంస్థ మనకు దగ్గర్లోనే, చెన్నై అడయార్‌లో ఉంది. అది కేంద్ర తోలు పరిశోధన సంస్థ. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ డైరెక్టరుగా నడిపిన సంస్థ అది. బెల్టు కోసం అంత దూరం ఎవరూ వెళ్లరు కానీ, లక్షలు పోసి సోఫాలు కొన్నవాళ్లకూ బూట్లు టోకున కొనే వ్యాపారులకూ ఆ దారి పనికొస్తుంది.

మామూలుగా కొనేవాళ్లు డబ్బు కట్టక ముందు అమ్మేవాళ్లను అడగాల్సింది ఒక్క ఫొటో. బకిల్ చీలిక లోపలి గోడది, దగ్గర నుంచి తీసింది. అది పంపడానికి వెనకాడితే వేరే చోట కొనండి. సరుకు చేతికొచ్చాక తేడా తెలిస్తే, తోలు అని రాసిన అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, స్కేలు పెట్టి తీసిన అంచు ఫొటో మూడూ దాచుకోండి. ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. వాళ్లు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.